తొడ మీద సెగగడ్డ: కాపడం ఎంత వేడిగా, ఎప్పటిదాకా

"మాది రాయగడ, నాకు 32 ఏళ్లు. ఫైనాన్స్ కలెక్షన్ పని, రోజంతా బండి మీదే తిరుగుడు. కుడి తొడ లోపలి వైపు నాలుగు రోజుల కిందట చిన్న పొక్కులా లేచింది. ఇప్పుడు ఎర్రగా, వేడిగా, ఉసిరికాయంత ఉబ్బింది. జ్వరం లేదు. అమ్మ ఉప్పు మూట కాపడం పెడతానంటోంది. కాపడం పెడితే చీము లోపలికి పాకుతుందని పక్కింటాయన భయపెడుతున్నాడు. అసలిది ఎందుకు వస్తుంది? ఎవరి మాట వినాలి?"

కాపడం పెట్టండి. కానీ ఉప్పు మూటతో వద్దు, వేడినీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డతో పెట్టండి. చెయ్యి హాయిగా ఓర్చుకునేంత వేడి చాలు. ఒక్కోసారి 10 నుంచి 15 నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. కాపడం వల్ల చీము లోపలికి పోదు, నొక్కడం వల్ల పోతుంది. మీ పక్కింటాయన ఎక్కడో నొక్కి పాడుచేసుకున్న గడ్డను చూసి ఉంటారు, నింద మాత్రం కాపడం మీద పడింది.

నేను గుణుపురంలో 22 ఏళ్లుగా చిన్న క్లినిక్ నడుపుతున్నాను. అంతకుముందు ఒక ఆస్పత్రి సర్జరీ వార్డులో పనిచేశాను. ఎండాకాలం మొదలైన దగ్గర్నుంచి వానలు తగ్గేదాకా సెగగడ్డ లేని వారం నాకు గుర్తులేదు. తెలుగువాళ్లు సెగగడ్డ అంటారు, ఒడియావాళ్లు బథ అంటారు. ఎవరొచ్చినా మొదటి మాట ఒకటే: "వేడి చేసింది డాక్టర్ గారూ." కాబట్టి ముందు ఆ వేడి సంగతే చూద్దాం.

మన చర్మం మీద ప్రతి వెంట్రుకా ఒక సన్నని గుంటలోంచి మొలుస్తుంది. ఆ గుంటలోకి స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా దిగితే సెగగడ్డ మొదలవుతుంది. ఇదేదో మురికి మనుషుల జబ్బు కాదు. ఈ బాక్టీరియా సుమారు ప్రతి పదిమందిలో ముగ్గురి ముక్కులో ఏ బాధా పెట్టకుండా కాపురం చేస్తూనే ఉంటుంది. ముక్కు నలుపుకున్న చేత్తోనే తొడ గోక్కుంటాం, అంతే, అక్కడికి చేరిపోతుంది. చర్మం బాగున్నంతకాలం లోపలికి దిగలేదు. దిగడానికి దానికి ఒక చిన్న గీరుడు కావాలి.

ఆ గీరుడు మీ పనిలోనే ఉంది. బండి సీటు మీద గంటలకొద్దీ కూర్చుంటే తొడ లోపలి వైపు జీన్స్ ప్యాంటు కుట్టు ఒరుసుకుంటూ ఉంటుంది. సీటు రెగ్జిన్, దానికి గాలి ఆడదు. చెమట పట్టి చర్మం నాని మెత్తబడుతుంది, నానిన చర్మం ఒరిపిడికి తొందరగా లేచిపోతుంది. కంటికి కనిపించని ఆ గీతలోంచి బాక్టీరియా వెంట్రుక గుంటలోకి జారుతుంది. నాట్ల రోజుల్లో తడి చీర పైకి దోపుకుని పొద్దంతా మడిలో నిలబడే ఆడవాళ్లకూ, లారీ డ్రైవర్లకూ సరిగ్గా అక్కడే లేవడానికి కారణం ఇదే. ఈమధ్య కుర్రాళ్లు ట్రిమ్మర్, బ్లేడు వాడి తొడల మీద వెంట్రుకలు తీసుకుంటున్నారు. అలా చేసిన వారం పది రోజులకు గడ్డతో వచ్చినవాళ్లను కూడా చూశాను.

మామిడిపళ్ల మాట కూడా చెప్పేస్తాను, ఎలాగూ అడుగుతారు. మామిడిపండు తింటే గడ్డ లేవదు. మామిడిపళ్లు వచ్చే నెలలూ, మనకు చెమటలు కారే నెలలూ ఒకటే కావడంతో నేరం పండు మీద పడింది. షుగర్ ఉన్నవాళ్లు పళ్లు విపరీతంగా తిని షుగర్ పెంచుకుంటే మాత్రం కథ వేరు, షుగర్ సంగతి కింద చెబుతాను.

ఇక ఎరుపు, వేడి, వాపు, సలుపు. ఇవి బాక్టీరియా చేసేవి కన్నా మన ఒళ్లు చేసేవే ఎక్కువ. లోపల శత్రువు దిగాడని తెలియగానే ఆ చుట్టుపక్కల సన్నని రక్తనాళాలు వెడల్పవుతాయి. రక్తం ఎక్కువగా వచ్చి చేరుతుంది, అందుకే ఎర్రగా కనబడుతుంది. ఆ రక్తం ఒంటి లోపలి వేడిని మోసుకొస్తుంది, అందుకే చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. అందరూ "వేడి" అనేది ఇదే, కాకపోతే అది గడ్డకు కారణం కాదు, ఫలితం. వెడల్పైన నాళాల గోడల్లోంచి నీరు, తెల్ల రక్తకణాలు బయటికి ఊరి కండ మధ్యలో నిండుతాయి. అదే వాపు. తొడ లోపలి చర్మం కింద ఆ నీరు పట్టడానికి పెద్దగా చోటు ఉండదు, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒత్తిడి పెరుగుతుంది. రాత్రి పడుకున్నాక మీకు తెలిసే ఆ సలుపు ఇదే.

తెల్ల రక్తకణాలు బాక్టీరియాతో తలపడి లక్షల్లో చస్తాయి. చచ్చిన కణాలు, చచ్చిన బాక్టీరియా, కరిగిన కండ కలిస్తే చీము. దాని చుట్టూ ఒళ్లు ఒక గోడ కడుతుంది. నాలుగో రోజున మీ వేలికి తగిలే గట్టిదనం చాలావరకు ఆ గోడే. ఈ గోడ విషయం ఒక్కటి మనసులో పెట్టుకుంటే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది. చీము ఒంటిలో పాకకుండా ఆపేది అదే. మాత్రలు సరిగా పనిచేయకుండా అడ్డుపడేదీ అదే, ఎందుకంటే చీము మడుగులోకి రక్తం పారదు, రక్తం పారని చోటికి మందు చాలినంత చేరదు. గోళ్లతో నొక్కినప్పుడు పగిలేదీ అదే. పైకి ఇంకా దారి పడలేదు, పక్కనుంచి ఒత్తిడి పెట్టాం, ఇక చీము ఎటు పోతుంది? లోపలికీ పక్కలకూ పోతుంది.

మరి కాపడం ఏం చేస్తుంది? గడ్డను "కరిగించదు". బాక్టీరియాను చంపదు, మనం ఓర్చుకోగల వేడికి అవి చావవు. అది చేసేది ఒళ్లు ఇప్పటికే చేస్తున్న పనిని కాస్త తొందరపెట్టడం. వెచ్చదనానికి రక్తం ఇంకా బాగా వస్తుంది, తెల్ల కణాలు ఇంకా చేరతాయి. తడి తగిలి పై చర్మం నాని పలచబడుతుంది, చీము మొన పైకి తేలడానికి దారి సుళువవుతుంది. బిగుసుకున్న కండ సడలి సలుపు తగ్గుతుంది. చిన్న గడ్డ అయితే, మొదట్లోనే మొదలుపెడితే, ఒక్కోసారి చీము పట్టకుండానే అణిగిపోతుంది. నాలుగు రోజులై ఉసిరికాయంత అయినదానికి ఆ అవకాశం తక్కువ. మీది పండి పగిలే దారిలోనే ఉందనుకోండి.

ఇప్పుడు కాపడం ఎలా పెట్టాలో వివరంగా చెబుతాను, తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి కాబట్టి.

ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. ఉతికిన మెత్తటి నూలు గుడ్డ తీసుకోండి. పాత పంచె ముక్క బాగుంటుంది, టవల్ అయితే నీళ్లు ఎక్కువ పట్టి కారుతుంది. నీళ్ల వేడికి నేను థర్మామీటర్ కొనమని ఎవరికీ చెప్పను, గ్లాసు లెక్క చెబుతాను. గ్లాసు సలసల మరిగిన నీళ్లకు అదే గ్లాసుతో నాలుగు గ్లాసుల కుండలోది కాని మామూలు చన్నీళ్లు. మన దగ్గర ఎండాకాలం బిందెలో నీళ్లు 28 డిగ్రీల దగ్గర ఉంటాయి, అప్పుడు ఆ కలిపిన నీళ్లు 42 డిగ్రీల దగ్గరకు వస్తాయి. గిన్నె కొంత వేడి లాగేస్తుంది, గుడ్డ పిండి తొడ మీద వేసేసరికి ఇంకొంచెం తగ్గుతుంది. చలికాలం నీళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి మూడు గ్లాసులతో ఆపి, చేత్తో చూసి, కావాలంటే ఇంకా కలపండి. చాలామంది "సగం వేడినీళ్లు, సగం చన్నీళ్లు" కలుపుతారు. అది లెక్కవేస్తే 64 డిగ్రీలు! ఆ నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాల్చేస్తాయి.

వేడి చూడాల్సింది వేళ్ల కొనలతో కాదు. వంటింట్లో పనిచేసే వేళ్లు వేడికి అలవాటుపడి ఉంటాయి. మణికట్టు లోపలి వైపు కానీ, మోచెయ్యి కానీ నీళ్లలో పెట్టి చూడండి. పసిపిల్లలకు నీళ్లు పోసేటప్పుడు అమ్మలు చూస్తారు కదా, అలా. "అబ్బా" అనిపిస్తే ఎక్కువ, హాయిగా అనిపిస్తే సరి. ఇక్కడ ఒక మోసం ఉంది. ఒక్క క్షణం ఓర్చుకోగలిగిన వేడి పది నిమిషాలు ఓర్చుకోదగ్గది కాకపోవచ్చు. 48, 49 డిగ్రీల నీళ్లు చెయ్యి ముంచి తీస్తే ఏమీ చేయవు, అదే చోట కొన్ని నిమిషాలు ఉంటే చర్మం కాలుతుంది. కాపడం అంటే అదే చోట పది పదిహేను నిమిషాలు ఉంచడం, అందుకే వేడి విషయంలో మొహమాటం లేకుండా తక్కువ వైపే ఉండాలి.

గుడ్డ ముంచి, నీళ్లు కారకుండా పిండి, మడిచి గడ్డ మీద పరవండి. అదమకండి, రుద్దకండి, గుడ్డ బరువు చాలు. రెండు మూడు నిమిషాలకు చల్లారుతుంది, మళ్లీ ముంచండి. గిన్నెలో నీళ్లు చల్లబడితే కొత్తగా కలపండి, గిన్నె పొయ్యి మీదే పెట్టుకుని ముంచకండి. పదిహేను నిమిషాలయ్యాక శుభ్రమైన పొడి గుడ్డతో అద్దండి. వదులైన లుంగీయో నూలు పైజామానో కట్టుకోండి. చర్మం కాస్త గులాబీ రంగులోకి మారి అరగంటలో మామూలవుతుంది, అది సరే. గంటైనా మంట తగ్గకపోయినా, బొబ్బ లేచినా వేడి ఎక్కువైందని అర్థం. వాడిన గుడ్డను సబ్బుతో వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి, ఇంకొకరు వాడకూడదు. పసుపు, వేపాకు వేసి మరిగించాలా అని అడుగుతారు. వేడీ తడీ చేసే పనికి అవి కొత్తగా కలిపేదేమీ లేదు, మామూలు నీళ్లు చాలు.

ఉప్పు మూట ఎందుకు వద్దంటున్నానో చెప్పకపోతే మీ అమ్మగారు ఒప్పుకోరు. ఆమె చేతి వైద్యాన్ని తక్కువ చేయడం కాదు. నడుం పట్టేసినప్పుడు ఉప్పు మూటతో కాపడం నేనూ పెట్టించుకున్నాను. కానీ మూకుట్లో వేయించిన ఉప్పు వేడికి హద్దు ఉండదు. నీళ్లయితే ఎంత మంట పెట్టినా 100 డిగ్రీల దగ్గర మరిగి ఆగుతాయి, ఉప్పు ఆ హద్దు దాటి పోతూనే ఉంటుంది, గుడ్డలో మూటకట్టాక చాలాసేపు చల్లారదు కూడా. పైగా అది పొడి వేడి, చర్మాన్ని నానబెట్టదు. అన్నిటికంటే ముఖ్యం, మూట గట్టిగా ఉంటుంది కాబట్టి తెలియకుండానే దానితో అదుముతాం.

నాలుగేళ్ల కిందట ఒక పత్తి వ్యాపారి వచ్చారు, యాభై దాటిన మనిషి. తొడ ముందువైపు చిన్న గడ్డ, రెండు రూపాయల బిళ్లంత. దాని చుట్టూ అరచెయ్యంత మేర చర్మం కమిలి, బొబ్బలెక్కి, అక్కడక్కడ తోలు ఊడి ఉంది. ఉప్పు మూట మూడు రాత్రులు పెట్టారట. "కాలలేదా?" అంటే "వెచ్చగానే ఉంది సార్" అన్నారు. అక్కడే నాకు అనుమానం వచ్చింది. వేలి కొన పొడిచి షుగర్ చూస్తే 312. ఎన్నాళ్లుగా ఉందో ఆయనకే తెలియదు. పాదాలు చూస్తే సగందాకా స్పర్శ సరిగా లేదు. షుగర్ చాలాకాలం అదుపులో లేకపోతే నరాలు దెబ్బతింటాయి, వేడి, నొప్పి తెలియడం తగ్గుతుంది. మామూలుగా పాదాలలో మొదలై పైకి పాకుతుంది. గడ్డ పది రోజుల్లో మానింది, కాలిన చోటు మానడానికి నెలన్నర పట్టింది. అప్పట్నుంచి షుగర్ ఉన్నవాళ్లకు నా మాట ఒకటే: నీళ్ల వేడి మీరు చూడకండి, ఇంట్లో ఇంకొకరి మోచెయ్యి చూడాలి. రబ్బరు బ్యాగు, కరెంటు బ్యాగు పెట్టుకుని నిద్రపోవడం షుగర్ లేనివాళ్లకూ ప్రమాదమే.

సున్నం బెల్లం పట్టు కూడా ఈ జాబితాలోదే. సున్నం క్షారం, చర్మాన్ని తినేస్తుంది. దానితో గడ్డ "పగిలింది" అని సంతోషిస్తారు కానీ పగిలింది గడ్డ కాదు, దాని మీద తోలు.

బాగా జరిగిన కేసు ఒకటి చెబుతాను, మీదానికి దగ్గరగా ఉంటుంది. గుణుపురం నుంచి పర్లాకిమిడి రోడ్డు మీద ఆటో నడిపే కుర్రాడు, 28 ఏళ్లు. తొడ లోపలి వైపు గడ్డ, మూడో రోజు వచ్చాడు. అడ్డంగా రెండున్నర సెంటీమీటర్లు, రాయిలా గట్టిగా, మధ్యలో మొన లేదు. జ్వరం లేదు, షుగర్ 104. ఆటో తోలడం మానలేనంటే, సీటు మీద నూలు తువ్వాలు పరుచుకుని గంటకోసారి దిగమన్నాను. బాల్‌పెన్‌తో ఎరుపు అంచు చుట్టూ గీత గీసి తేదీ, టైము రాశాను. ఈ పెన్ను గీత మీరు కూడా ఈ రాత్రే గీయండి, దీనికంటే మంచి పరీక్ష ఇంట్లో దొరకదు. మనసు ఎప్పుడూ "పెరిగిందేమో" అనో "తగ్గిందేమో" అనో మోసం చేస్తుంది, గీత చేయదు.

పొద్దున బండి తీసే ముందు, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునే ముందు కాపడం. నొప్పికి పారాసెటమాల్. యాంటీబయాటిక్ ఇవ్వలేదు. అతనికి అది నచ్చలేదు, "సూది అయినా వేయండి సార్" అని అరగంట కూర్చున్నాడు. ఐదో రోజు వచ్చేసరికి ఎరుపు గీత లోపలే ఉంది, వాపు కాస్త పెరిగింది, మధ్యలో కందిగింజంత పసుపుపచ్చ మొన తేలింది. రెండు వేళ్లు ఇటూ అటూ పెట్టి ఒకదానితో మెల్లగా తాకితే రెండోదానికి నీటి కదలికలా తగిలింది. చీము పండిందనడానికి గుర్తు అదే. మీరు ఇంట్లో నొక్కి చూడకండి, నేను తాకిన విధం చెప్పానంతే. మర్నాడు కోద్దాం అనుకున్నాం. ఆ రాత్రి కాపడం పెడుతుండగా దానంతటదే పగిలింది. రెండు చెంచాల చీము, కొంచెం నెత్తురు, మధ్యలో గట్టి తెల్లని ముద్ద. "ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది సార్" అన్నాడు, సలుపు అలా పోతుంది మరి, ఒత్తిడి దిగిపోతుంది కదా.

పగిలాక కాపడం మానేస్తారు చాలామంది. మానకూడదు. అతని చేత ఇంకో మూడు రోజులు పెట్టించాను, చీము కారినంతకాలం. రంధ్రం తొందరగా మూసుకుపోతే లోపల మిగిలింది మళ్లీ నిండుతుంది. కారిన చీమును గాజుగుడ్డతో అద్ది, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేసి, చేతులు కడుక్కుని, పైన శుభ్రమైన గాజుగుడ్డ పెట్టి ప్లాస్టర్ వేయాలి. అతనికి వారంలో పుండు పూడింది, కింద గట్టిదనం మాత్రం రెండు వారాలు తగిలింది. ఆ గట్టిదనం చూసి "ఇంకా లోపల ఉంది" అని మళ్లీ నొక్కేవాళ్లున్నారు. అది గోడ శిథిలం, మెల్లగా కరిగిపోతుంది.

పచ్చిగా ఉన్నప్పుడు కోస్తే ఏమవుతుందో నాకు స్వయంగా తెలుసు. కొత్తగా చేరిన రోజుల్లో, ఒక పెద్దాయన బతిమాలితే గట్టిగా ఉన్న గడ్డకు కత్తి పెట్టాను. ఒక్క చుక్క చీము రాలేదు, నెత్తురు వచ్చింది. మూడు రోజులకు పక్కన చీము పట్టి మళ్లీ కోయాల్సి వచ్చింది. మా సీనియర్ తిట్టలేదు, "కాయను కోశావు, పండును కోయాలి" అన్నారంతే. కాపడం గొప్పదనం కాయను పండు చేయడంలోనే ఉంది. పండాక మాత్రం ఎంత కాపడం పెట్టినా దానికి కావాల్సింది దారి. పెద్ద గడ్డ మెత్తబడి రెండు రోజులైనా పగలకపోతే డాక్టర్ దగ్గర చిన్న కోత పెట్టించుకోండి. తిమ్మిరి ఇంజెక్షన్ ఇస్తారు. వాచిన చోట అది పూర్తిగా పట్టదు కాబట్టి కొంచెం నొప్పి తెలుస్తుంది, కానీ ఐదు నిమిషాల పని. ఇంట్లో సూది కాల్చి పొడవడం దీనికి సమానం కాదు. సూది చేసే రంధ్రం చీము కారడానికి చాలదు, పొరపాటున లోతుగా పోతే గోడ పగలడానికి మాత్రం చాలుతుంది.

మెడికల్ షాపులో చెప్పి రెండు మాత్రలు తెచ్చుకోవడం గురించి: చిన్న గడ్డ, జ్వరం లేని మనిషి అయితే అవసరం లేదు. కానీ ఈ కింది పరిస్థితుల్లో కాపడం నమ్ముకుని ఇంట్లో కూర్చోకండి, అప్పుడు సరైన యాంటీబయాటిక్, సరైన రోజులు, డాక్టర్ రాసి ఇవ్వాలి.

ఎరుపు పెన్ను గీత దాటి పరుచుకుంటూ పోతే, లేదా గడ్డ దగ్గర్నుంచి గజ్జల వైపు ఎర్రటి చార పాకితే, బాక్టీరియా గోడ దాటిందని అర్థం. గజ్జల్లో చిన్న బిళ్ల తగలడం ఒక్కటే అయితే అంత భయపడక్కర్లేదు, తొడ మీద గడ్డకు అక్కడ బిళ్ల కట్టడం మామూలే. దానితోపాటు చలిజ్వరం ఉంటే ఆ రోజే వెళ్లాలి. షుగర్ ఉన్నవాళ్లు, స్టిరాయిడ్ మాత్రలు వాడేవాళ్లు, కీమోథెరపీలో ఉన్నవాళ్లు మొదటి రోజే చూపించుకోవాలి. గడ్డ ఐదు సెంటీమీటర్లు దాటినా, ఒకటి కాస్తా పక్కపక్కన మూడు నాలుగు మొనలుగా లేచినా, వారం కాపడానికి ఏ మార్పూ లేకపోయినా అంతే.

ఇంకో రెండు సందర్భాల్లో అది సెగగడ్డే కాకపోవచ్చు. ఒకటి, పైన ఎరుపు పెద్దగా లేకుండా తొడ లోపలెక్కడో లోతుగా నొప్పి, కండ చెక్కలా గట్టిపడటం, కుంటుతూ నడవడం, జ్వరం. అది కండరంలోనే చీము పట్టడం కావచ్చు. మనలాంటి వేడి ప్రాంతాల్లో, ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లకు కూడా వస్తుంది. పైన పెట్టే కాపడం దాన్ని ఏమీ చేయలేదు, స్కానింగ్ చేయించి చీము తీయాలి. నేను చూసిన ఒక ఫుట్‌బాల్ ఆడే అబ్బాయికి బెణుకు అనుకుని పది రోజులు తైలం రుద్దారు, చీము గిన్నెడు వచ్చింది. రెండోది, గజ్జల మడతలో దగ్గితే పెద్దదయ్యే ఉబ్బు, లేదా నాడిలా కొట్టుకునే ఉబ్బు. అది పేగు జారడమో రక్తనాళం ఉబ్బడమో కావచ్చు. దాని మీద కాపడమూ వద్దు, సూది అసలే వద్దు.

మీ విషయానికొస్తే, నాలుగు రోజులు, జ్వరం లేదు, ఉసిరికాయంత. ఇంతవరకు భయపడాల్సింది ఏమీ కనబడటం లేదు. 32 ఏళ్లే కదా అని వదలకుండా షుగర్ ఒకసారి చూపించుకోండి, ముఖ్యంగా ఇంట్లో ఎవరికైనా ఉంటే, లేదా ఈ ఏడాదిలో మీకిది రెండో గడ్డ అయితే. మాటిమాటికీ అవే చోట్ల, తొడల మడతల్లో, చంకల్లో వచ్చి మచ్చలు కట్టిపోతుంటే అది ఇంకో జబ్బు కావచ్చు, చర్మ వైద్యులకు చూపించాలి. కాపడాలతో ఏళ్లు గడిపేసినవాళ్లను చూశాను.

వీలైతే మూడు నాలుగు రోజులు కలెక్షన్ పని బండి మీద తగ్గించండి. తప్పదంటే జీన్స్ వదిలి వదులైన నూలు ప్యాంటు వేసుకోండి, ఇంటికి రాగానే స్నానం చేసి పొడి బట్టలు కట్టుకోండి. గడ్డ మానేదాకా మీ తువ్వాలు, సబ్బు, బ్లేడు ఇంట్లో ఇంకెవరూ ముట్టకూడదు. ఒకరి గడ్డ చీము తువ్వాలు ద్వారా ఇల్లంతా తిరగడం ఉమ్మడి కుటుంబాల్లో నేను ఎన్నోసార్లు చూశాను, మొదట పెద్దవాడికి, తర్వాత పిల్లాడి పిర్ర మీద.

ఈ రాత్రి గీత గీసి, కాపడం పెట్టుకుని పడుకోండి. రేపు పొద్దున, రేపు సాయంత్రం ఎరుపు గీతకు ఎటు ఉందో, మొన తేలిందో లేదో ఇక్కడే రాయండి. ఈలోపు చలి పుట్టి జ్వరం వస్తే నా జవాబు కోసం చూడకుండా జిల్లా ఆస్పత్రికి వెళ్లిపోండి. ఉప్పు మూట విషయంలో అమ్మగారికి నా పేరు చెప్పి తప్పించుకోండి, ఆ గ్లాసు లెక్క ఆమెకే అప్పగించండి.